శనివారం నుమాయిష్, ఇంటికొచ్చే టైం

బిడ్డా,

ఎదురుగా కూర్చుని చెబుదామనే అనుకున్నాను. కానీ పోయిన ఆదివారం రాత్రి మనిద్దరం మాట్లాడుకున్న తీరు గుర్తొచ్చి రాస్తున్నాను. గొంతు పెరిగితే నేను అనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చేది ఇంకొకటి అవుతోంది. తీరిగ్గా చదువు. వెంటనే జవాబు ఇవ్వక్కర్లేదు.

ముందు ఆ రాత్రి సంగతి. తొమ్మిదికల్లా వస్తానన్నావు, పదీ ఇరవైకి వచ్చావు. ఫోన్ స్విచాఫ్. తొమ్మిదిన్నర దాకా నేను బాగానే ఉన్నాను. ఆ తర్వాత ఇంట్లో కూర్చోలేక దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ మెట్ల కింద బండి ఆపుకుని నిలబడ్డాను. ట్రైన్ వచ్చిన ప్రతిసారీ ఓ ముప్పై నలభై మంది దిగొస్తారు. వాళ్లలో నీ నీలం బ్యాగు కోసం వెతుకుతాను. జనం తగ్గిపోతారు, చివర ఎవరో ముసలాయన రెయిలింగ్ పట్టుకుని దిగుతాడు, మెట్లు ఖాళీ. మళ్లీ ఇంకో ట్రైన్. ఇలా ఏడు ట్రైన్లు చూశాను.

ఆ టెన్షన్‌లో నీ ఫ్రెండ్స్ అందరికీ, వాళ్ల అమ్మానాన్నలకు కూడా ఫోన్లు చేసేశాను. మర్నాడు కాలేజీలో నీకు ఎంత తలవంపులుగా అనిపించిందో అమ్మ చెప్పింది. అది నా తప్పే. సారీ నాన్నా. ఇంకెప్పుడూ అలా ఊరంతా ఫోన్లు చేయను. అవసరమైతే ఎవరికి చేయాలో ఇద్దరి పేర్లు నువ్వే చెప్పు, ఆ ఇద్దరికే చేస్తాను.

"నా మీద నమ్మకం లేదా" అని అడిగావు. ఆ మాట అప్పటినుంచీ నాలోనే తిరుగుతోంది. నమ్మకం ఉంది. నువ్వు ఎవరితో ఉన్నావు, ఏం చేస్తున్నావు అన్న ఆలోచనే ఆ మెట్ల దగ్గర నాకు రాలేదు. వచ్చినవన్నీ వేరే: ఆటో దేన్నైనా గుద్దిందా, కళ్లు తిరిగి పడిపోయిందా, ఫోన్ ఎవరైనా లాక్కున్నారా. నువ్వు ఆలస్యం అయినందుకు కాదు భయపడింది. ఎంత ఆలస్యమో తెలియనందుకు. "నాన్నా, పదిన్నర అవుతుంది" అని ఒక్క ముక్క ఏ ఫ్రెండ్ ఫోన్ నుంచి వచ్చినా అన్నం తిని నీకోసం కూర్చునేవాణ్ని.

నా ఇంటర్‌లో ఒకసారి నల్గొండ నుంచి ఊరికి ఆఖరి బస్సు తప్పిపోయింది. ఫ్రెండ్ రూములో హాయిగా పడుకున్నాను. ఊళ్లో ఫోన్ లేదు, చెప్పే దారీ లేదు, నిజం చెప్పాలంటే చెప్పాలన్న ఆలోచనా రాలేదు. పొద్దున బస్సు దిగేసరికి తాత స్టాపు దగ్గర రాతి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కప్పుకున్న తువ్వాలు మంచుకు తడిసి ఉంది. ఒక్క మాట అనలేదు. "చాయ్ తాగుదాం పా" అన్నాడు. ఆయన రాత్రంతా అక్కడే ఉన్నాడని నాకు చాలా ఏళ్ల తర్వాత నానమ్మ చెప్తే తెలిసింది. నిన్ను బాధపెట్టడానికి ఇది చెప్పట్లేదు. నీ వయసులో నాకు తోచనిది నీకు తోచలేదని కోప్పడటం న్యాయం కాదని ఇప్పుడు అర్థమై చెప్తున్నాను.

ఇంకోటి కూడా అన్నావు, అన్నకు ఏ టైమూ పెట్టలేదని. నిజమే, నువ్వు అన్నది కరెక్ట్. వాడితో నిన్న మాట్లాడాను. మెసేజ్ పెట్టే పద్ధతి ఇకనుంచి వాడికీ ఉంటుంది, నాకూ ఉంటుంది. ఆఫీసులో లేటైతే నేను కూడా ఇంట్లో చెప్పకుండా ఉండిపోతున్నానని అమ్మ ఎప్పటినుంచో అంటోంది.

ఇక టైం. నా మనసులో ఉన్నది చెప్తాను, నీకు కుదరనిది చెప్పు, మార్చుకుందాం. కాలేజీ రోజుల్లో ఎనిమిదిన్నర. ఎటైనా వెళ్లిన రోజు తొమ్మిదిన్నర. ఈ శనివారం నుమాయిష్ కాబట్టి పది. అక్కడ సాయంత్రం ఏడు దాటితే గానీ అసలు సందడి మొదలు కాదు, తొమ్మిదికే వచ్చేయమంటే వెళ్లి ఏం లాభం? గాంధీభవన్ స్టేషన్‌లో తొమ్మిదింపావుకు ఎక్కితే అదే లైన్‌లో నేరుగా దిల్‌సుఖ్‌నగర్, మధ్యలో ట్రైన్ మారే పని లేదు. గేటు దగ్గర, స్టేషన్‌లో రద్దీ ఉంటుంది కాబట్టి స్టాళ్ల దగ్గర నుంచి కాస్త ముందే కదలండి. నేను మెట్ల కింద ఉండనా, లేక నువ్వు ఆటోలో వచ్చేస్తావా, నీ ఇష్టం. నీ ఫ్రెండ్స్ ముందు నేను నిలబడటం నీకు నచ్చకపోతే పక్క సందులో ఆగుతాను.

నేను అడిగేవి మూడే మెసేజ్‌లు. చేరాక "చేరాను". బయల్దేరినప్పుడు "బయల్దేరాను". అనుకున్నది మారితే, ఆ మారింది ఏమిటో. అంతే. ఫొటో పంపమని అడగను, పక్కన ఎవరున్నారని అడగను, ప్రతి గంటకూ ఫోన్ చేయను. నుమాయిష్ జనంలో ఒక్కోసారి సిగ్నల్ అందదు, మైకుల గోలలో రింగూ వినపడదు. నువ్వు ఎత్తకపోతే అరగంట ఆగుతాను. ఆ ఆగడం నా వంతు పని.

బాబాయ్ ఏదో ట్రాకింగ్ యాప్ వేయమన్నాడు. వద్దన్నాను. రోజంతా నువ్వు ఎక్కడ తిరుగుతున్నావో చుక్కలా చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. రాత్రి పూట ఒక్కదానివే ఆటోలోనో క్యాబ్‌లోనో వస్తుంటే మాత్రం వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఒక గంటకు పెట్టు. గంట అయ్యాక దానంతట అదే ఆగిపోతుంది. బండి నంబరు కూడా ఎక్కేముందు ఒక ఫొటో తీసి పంపు.

ఎక్కడైనా నీకు ఉండబుద్ధి కాకపోతే, అందరి ముందు చెప్పడానికి మొహమాటం అయితే, "నానమ్మ మందులు వేసుకుందా?" అని మెసేజ్ పెట్టు. నేను వెంటనే ఫోన్ చేసి ఇంటికి రమ్మంటాను. "మా నాన్న ఊరుకోడు" అని నా మీద తోసేసి వచ్చెయ్. ఎంత రాత్రయినా, ఎక్కడికి వెళ్తానని చెప్పి ఎక్కడ ఉన్నా, బండి వేసుకుని వస్తాను. దారిలో ఒక్క ప్రశ్న వేయను. మాట్లాడాల్సింది ఉంటే మర్నాడు మాట్లాడుకుందాం, అదీ అరవకుండా. ఇది నేను మాటిస్తున్నాను. నిజంగా ప్రమాదం అనిపిస్తే మాత్రం నాకంటే ముందు 112కి చెయ్యి.

అమ్మ నంబరు, నా నంబరు చూడకుండా చెప్పగలవా? ఫోన్ చచ్చిపోయినప్పుడు అవే పనికొస్తాయి. మొన్న నేనే అమ్మ నంబరు చివరి రెండు అంకెలు తడబడ్డాను.

ఒకవేళ టైం దాటితే ఏంటి అని నీకు అనుమానం ఉండొచ్చు. చెప్పి దాటితే ఏమీ లేదు. చెప్పకుండా దాటితే, ఆ తర్వాతి వారం బయటికి వెళ్లే ముందు మళ్లీ ఇద్దరం కూర్చుని టైం మాట్లాడుకుంటాం. ఫోన్ లాక్కోవడాలు, వెళ్లొద్దనడాలు ఉండవు. రెండు నెలలు ఇలా నడిచాక, ఆ తొమ్మిదిన్నర కాస్తా పది చేద్దామా అని నువ్వే అడుగు.

రేపు పొద్దున టీ దగ్గర నువ్వు అనుకుంటున్నది చెప్పు. పది సరిపోదంటే ఎందుకో చెప్పు, వింటాను. పవర్ బ్యాంక్ ఒకటి తెచ్చాను, హాల్లో టీవీ పక్కన ఛార్జింగ్‌లో ఉంది. శనివారం బ్యాగులో వేసుకో. వచ్చేటప్పుడు నానమ్మకు ఆ చెక్క దువ్వెన దొరుకుతుందేమో చూడు, పోయినేడాది తెచ్చింది పళ్లు విరిగిపోయాయంటోంది.

నాన్న