ధ్వంసమైన కారుకు మినహాయించిన సాల్వేజ్ విలువపై అభ్యంతరం, ఆ బండిని నా వద్దే ఉంచుకుంటానన్న ప్రతిపాదన

జయపురం, కొరాపుట్ జిల్లా, ఒడిశా
తేది: 10 నవంబరు 2025

మోటారు క్లెయిముల విభాగాధికారి గారికి,
విశాఖపట్నం శాఖ

విషయం: 2025 ఆగస్టు 17న సుంకి ఘాట్‌లో ప్రమాదానికి గురైన నా కారు టోటల్ లాస్ క్లెయిము, సాల్వేజ్ కింద మినహాయించిన 2,10,000 రూపాయలపై అభ్యంతరం.

అయ్యా,

నా కారు క్లెయిమును టోటల్ లాస్‌గా అంగీకరిస్తూ అక్టోబరు 27న మీరు రాసిన లేఖ అందింది. పాలసీలో బండి విలువగా రాసుకున్న ఐడీవీ 5,60,000 రూపాయల నుంచి తప్పనిసరి మినహాయింపు 1,000 రూపాయలు, ధ్వంసమైన బండికి పలికే ధర, అంటే సాల్వేజ్ విలువ, 2,10,000 రూపాయలు తీసివేసి, మిగిలిన 3,49,000 రూపాయలు చెల్లిస్తామని, దానికి సమ్మతిస్తూ డిశ్చార్జి వోచరుపై సంతకం చేసి పంపమని ఆ లేఖలో కోరారు. ఐడీవీ గురించి గానీ, వెయ్యి రూపాయల మినహాయింపు గురించి గానీ, బండిని టోటల్ లాస్‌గా తేల్చడం గురించి గానీ నాకు ఏ వివాదమూ లేదు. వర్క్‌షాప్ ఇచ్చిన 5,12,000 రూపాయల ఎస్టిమేటు ఐడీవీలో 75 శాతాన్ని, అంటే 4,20,000 రూపాయలను, దాటిపోయింది కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. టోయింగుకు పాలసీ ఇచ్చే 1,500 రూపాయలు కూడా విడిగా ముట్టాయి. నా అభ్యంతరమంతా సాల్వేజ్ కింద తీసివేసిన 2,10,000 రూపాయల మీదనే.

ఆ అంకె ఎలా వచ్చిందో మీ లేఖతో జతచేసిన కాగితం వల్ల తెలిసింది. మీ శాఖ ఆన్‌లైన్‌లో పెట్టిన వేలంలో, మా ప్రాంతానికి చాలా దూరపు నగరంలోని ఒక వ్యాపారి, ఫోటోలు మాత్రమే చూసి, సెప్టెంబరు 26న వేసిన బిడ్ అది. ముప్పై రోజులు చెల్లుతుందని దానిపైనే రాసి ఉంది. అక్టోబరు 18న ఆ వ్యాపారి పంపిన మనిషి జయపురం వచ్చి, వర్క్‌షాప్‌లో బండి బోనెట్ ఎత్తించి, కింద దూరి చూసి, 90,000 రూపాయలకు మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వలేమని చెప్పి వెళ్లాడు. అదే మాటను ఆ వ్యాపారి మావారి ఫోనుకు వాట్సాప్‌లో రాసి పంపాడు. ఆ రోజే ఆ సందేశాన్ని జతచేసి మీ శాఖకు ఈమెయిల్ పంపాము. అయినా, బిడ్ గడువు ముగిసిన మరునాడు, అంటే అక్టోబరు 27న, అదే 2,10,000 రూపాయలను మినహాయిస్తూ మీ లేఖ వచ్చింది. ఫోనులో అడిగినప్పుడు, బిడ్ వేసిన వ్యాపారికీ నాకూ మధ్య తేడా వస్తే అది అతనూ నేనూ తేల్చుకోవలసిన సంగతి అని మీ సిబ్బంది అన్నారు.

ఈ మాటను నేను ఒప్పుకోలేను. ఆ వ్యాపారిని నేను వెతకలేదు. వేలం నేను పెట్టలేదు. అతనితో నాకు ఏ ఒప్పందమూ లేదు. వ్యాపారిని తెచ్చింది మీరు, అతని మాటను విలువగా నిర్ణయించింది మీరు. అతను వెనక్కి తగ్గితే ఆ నష్టం పాలసీదారు నెత్తిన పడాలనడానికి పాలసీ పత్రంలో ఎక్కడా ఆధారం లేదు. మీ లెక్క ప్రకారం మీరిచ్చే 3,49,000 రూపాయలు, అతను ఇస్తానన్న 90,000 రూపాయలు కలిపితే నా చేతికి వచ్చేది 4,39,000 రూపాయలు. పాలసీ ప్రకారం రావలసింది 5,59,000 రూపాయలు. ప్రీమియం కట్టేటప్పుడు ఐడీవీ ఎంతో ఇద్దరమూ రాసుకున్నాము. టోటల్ లాస్ క్లెయిముల్లో పాలసీ కాలమంతా ఐడీవీనే బండి మార్కెట్ విలువగా చూడాలని, దాని మీద మళ్లీ తరుగుదల తీయకూడదని పాలసీ నిబంధనే చెబుతోంది. ఎవరూ చెల్లించని బిడ్‌ను సాల్వేజ్ విలువ పేరుతో తీసివేస్తే, పైకి ఐడీవీని ముట్టుకోనట్టు కనిపించినా, 1,20,000 రూపాయలు అందులో నుంచి కోసినట్టే అవుతుంది.

ఇక బండి స్థితి సంగతి. మీ సర్వేయర్ గారు బండిని స్వయంగా చూసి ఆమోదించిన ఎస్టిమేటులో, ఇంజన్ బ్లాక్ పగిలిందని, దాన్ని బాగుచేయడం కుదరదని, కొత్తది వేయాలని ఉంది. ముందు రెండు ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయని, ఇంజన్ కంట్రోల్ యూనిట్, వైరింగ్ నీటిలో తడిసి పాడయ్యాయని ఉంది. ప్రమాదం జరిగిన రాత్రి వాన ఆగకపోవడంతో క్రేన్ రావడం ఆలస్యమై, బండి ముందు భాగం గెడ్డ నీటిలోనే మునిగి ఉండిపోయింది. పొట్టంగి పోలీసు స్టేషన్‌లో నమోదైన వివరంలోనూ ఈ సంగతి ఉంది. అయితే వేలానికి పెట్టిన వివరణలో ఇంజన్ పగిలిన మాట లేదు, నీటిలో మునిగిన మాట లేదు, ఎయిర్‌బ్యాగుల మాట లేదు. ఇంజన్‌ను పరీక్షించలేదని మాత్రమే రాశారు. జతచేసిన ఫోటోల్లో ఎక్కువ వెనుక భాగానివి, ఎడమవైపువి. దెబ్బ తగిలింది ముందు, కుడివైపు. ఎస్టిమేటులో ఇంజన్ పోయిందని లెక్కకట్టి బండిని టోటల్ లాస్ చేసి, సాల్వేజ్ దగ్గరకు వచ్చేసరికి ఆ ఇంజన్ బతికే ఉందేమోనని ఆశపడిన వ్యాపారి చెప్పిన ధరను విలువగా తీసుకోవడం ఒకే క్లెయిములో పొసగని రెండు మాటలు. బండిని కళ్లారా చూసిన తర్వాత అదే వ్యాపారి చెప్పిన ధరే దాని నిజమైన ధరకు దగ్గరగా ఉంటుంది. 2,10,000 రూపాయలు ఐడీవీలో 37.5 శాతం. ఇంజన్ పోయి, వైరింగ్ పోయి, ముందు భాగం నుజ్జయిన చిన్న పెట్రోలు కారుకు అంత ధర మా వైపు ఏ తుక్కు వ్యాపారీ పలకడు.

ఈ మాట నా అంచనా మీద అనడం లేదు. బండిని చూపించి ముగ్గురు వ్యాపారుల దగ్గర రాతపూర్వక కొటేషన్లు తీసుకున్నాము. జయపురం వ్యాపారి 84,000, రాయగడ వ్యాపారి 79,000, విజయనగరం వ్యాపారి 92,000 రూపాయలు రాసిచ్చారు. మూడింటిపైనా బండిని చూసిన తేదీ, వ్యాపారి సంతకం, ముద్ర ఉన్నాయి. మీ బిడ్డరు చివరికి చెప్పిన 90,000 రూపాయలు కూడా ఈ హద్దుల్లోనే ఉంది. సర్వేయర్ నివేదికకు విలువ ఉన్నా అదే చివరి మాట కాదని, దాన్ని దాటి వెళ్లరాదని ఏమీ లేదని 2009లో సుప్రీంకోర్టు ఒక బీమా వివాదంలో స్పష్టం చేసింది. సర్వేయర్ నివేదిక విషయంలోనే అలా ఉన్నప్పుడు, బండిని చూడకుండా వేసి, చూశాక వద్దన్న, గడువు కూడా తీరిన బిడ్‌కు కట్టుబడి ఉండవలసిన అవసరం మీ శాఖకు లేదని మనవి చేస్తున్నాను.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ధ్వంసమైన బండిని నేనే ఉంచుకుంటాను. దానికి సాల్వేజ్ విలువగా 95,000 రూపాయలు మినహాయించడానికి అంగీకరిస్తాను. ఇది నాకు వచ్చిన మూడు కొటేషన్లకన్నా, మీ బిడ్డరు చూశాక చెప్పిన ధరకన్నా ఎక్కువే. ఆ లెక్కన 5,60,000 నుంచి 1,000, 95,000 తీసివేస్తే నాకు చెల్లించవలసినది 4,64,000 రూపాయలు.

బండిని ఉంచుకుంటాననడానికి కారణాలు రెండు. మా మరిది జయపురంలో గ్యారేజీ నడుపుతున్నాడు. వెనుక యాక్సిల్, వెనుక తలుపులు, సీట్లు, రెండు చక్రాలు, గేర్‌బాక్స్‌లో కొన్ని భాగాలు అతనికి పనికివస్తాయి. రెండవది నాకు ఇంకా ముఖ్యమైనది. ఆర్‌సీ నా పేరున ఉంది. పేరు మారకుండా బండి చేతులు మారితే, దాని వల్ల తర్వాత ఏం జరిగినా రిజిస్టరులో పేరున్నవారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ముఖం తెలియని వ్యాపారి దగ్గరికి నా ఛాసిస్ నంబరు, ఆర్‌సీ వెళ్లి, అవి మరో బండికి తగిలించబడి రోడ్డెక్కితే, ఒడిశాలో కూర్చున్న నేను ఎన్ని రాష్ట్రాల్లో సమాధానం చెప్పుకోవాలి? సాల్వేజ్ బండ్లతో ఇలాంటి మోసాలు జరగడం మీ విభాగానికి కొత్త కాదు.

అందుకే ఈ హామీ ఇస్తున్నాను. బండిని బాగుచేయించి మళ్లీ రోడ్డు మీదికి తీసుకురాను. మీ అంగీకారం అందాక, మోటారు వాహనాల చట్టం, 1988లోని 55వ సెక్షను ప్రకారం కొరాపుట్ ఆర్‌టీఓకు తెలియజేసి, ఆర్‌సీ అప్పగించి, రిజిస్ట్రేషను రద్దు చేయిస్తాను. రద్దు పత్రం నకలు మీకు పంపుతాను. పనికివచ్చే భాగాలు తీసుకున్నాక మిగిలిన ఛాసిస్‌ను, 2021 నాటి వాహన తుక్కు నిబంధనల కింద నమోదైన కేంద్రానికే ఇస్తాను. ఈ కారుపై తీసుకున్న బ్యాంకు రుణం పూర్తిగా తీరింది. ఆర్‌సీలో హైపోథికేషన్ తొలగించిన నమోదు ఉంది కాబట్టి చెల్లింపు నా పేరునే చేయవచ్చు.

ఈ ప్రతిపాదన మీకు సమ్మతం కాకపోతే, బండి విలువ 2,10,000 రూపాయలేనని మీ శాఖ గట్టిగా నమ్మితే, దానికీ నేను అడ్డుచెప్పను. ఐడీవీ నుంచి వెయ్యి రూపాయలు మాత్రమే మినహాయించి 5,59,000 రూపాయలు నాకు చెల్లించి, బండిని మీరే తీసుకుని, మీరు చెప్పిన ధరకు మీరే అమ్ముకోండి. అప్పుడు కొనేవారి పేరున బదిలీ కాగితాలు పూర్తయ్యాకే, లేదా రిజిస్ట్రేషను రద్దయ్యాకే, బండి వర్క్‌షాప్ దాటి వెళ్లాలన్న ఒక్క షరతు మాత్రం ఉంటుంది. ఈ రెండు దారుల్లో ఏది ఎంచుకున్నా నాకు సమ్మతమే. బండిని నా దగ్గరే వదిలి, దానికి ఎవరూ ఇవ్వని ధరను నా చెక్కులో నుంచి తీసివేయడం మాత్రం సమ్మతం కాదు.

డిశ్చార్జి వోచరుపై తుది పరిష్కారంగా సంతకం చేయలేనని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. వివాదం లేని 3,49,000 రూపాయలను, మిగిలిన మొత్తంపై నా హక్కుకు భంగం లేకుండా, ఇప్పుడే విడుదల చేయవలసిందిగా కోరుతున్నాను. జయపురంలో మావారి మందుల దుకాణానికి సరుకు తెచ్చేది ఈ కారులోనే. మూడు నెలలుగా అద్దె బండ్లతో నెట్టుకొస్తున్నాము. వర్క్‌షాప్‌వారు బండి ఉంచినందుకు రోజుకు 150 రూపాయలు అడుగుతున్నారు. అక్టోబరు 27 వరకు అయినది నేను భరిస్తాను. ఆ తర్వాతది ఈ వివాదం వల్ల పడుతున్నది కాబట్టి మీరు భరించాలి. మీ అంగీకారం రాతపూర్వకంగా అందిన వారం రోజుల్లో బండిని అక్కడి నుంచి తీయించేస్తాను.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం ఇవ్వగలరు. దీని ప్రతిని మీ కంపెనీ ఫిర్యాదుల అధికారికి కూడా పంపుతున్నాను. నెల లోపల న్యాయమైన పరిష్కారం రాకపోతే, నేను ఒడిశా నివాసిని కాబట్టి భువనేశ్వర్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు దరఖాస్తు చేస్తాను. ఆలస్యానికి బీమా నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం రావలసిన వడ్డీని కూడా అడుగుతాను. అక్కడిదాకా వెళ్లకుండా మీ శాఖలోనే ఇది తేలాలన్నదే నా కోరిక.

మీ లేఖ, వేలం వివరణ, వ్యాపారి సందేశం, సర్వేయర్ ఆమోదించిన ఎస్టిమేటు, మూడు కొటేషన్లు, పోలీసు స్టేషన్ నమోదు, ఆర్‌సీల నకళ్లు, బండి ముందు కుడి భాగం ఫోటోలు జతచేశాను. పోలీసు నమోదు ఒడియాలో ఉన్నందున దాని తెలుగు అనువాదాన్ని కూడా చేర్చాను.

ఇట్లు,
బి. సత్యవతి
పాలసీదారు