ఇంట్లో కొత్త వైఫై: అందరూ ఒకసారి చదవండి

అమ్మకు, నాన్నగారికి, నాన్నమ్మకు, తమ్ముడికి, మేడమీద బాబాయి వాళ్లకు,

ఈ రాత్రి బండికి నేను హైదరాబాదు వెళ్లిపోతున్నాను. నిన్న పాత ఇంటర్నెట్ తీసేసి కొత్త కనెక్షను పెట్టించాను కదా, దాని సంగతంతా ఇందులో రాశాను. హాల్లో టీవీ, అమ్మ ఫోను నేనే కలిపేశాను. మిగిలినవి ఎవరివి వాళ్లే కలుపుకోవాలి. ఇదేమీ కష్టమైన పని కాదు. కాకపోతే ఒక్క అక్షరం తప్పినా తలుపు తెరుచుకోదు, అంతే.

కొత్త వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇవి:

```
పేరు: Sampenga
పేరు: Sampenga-5G
పాస్‌వర్డ్: munjalu47gavvalu63
```

పేర్లు రెండున్నా పాస్‌వర్డ్ ఒక్కటే. పేరు మన గుమ్మం పక్కన ఉన్న సంపెంగ చెట్టుదే. పాస్‌వర్డ్ గుర్తుండాలంటే వేసవిలో భీమిలి దారిలో కొనే ముంజలు, సంక్రాంతికి నాన్నమ్మ చేసే గవ్వలు తలుచుకోండి. మధ్యలో ఉన్న అంకెలు ఎవరి పుట్టినరోజూ కాదు, ఏ బండి నంబరూ కాదు. కావాలనే అలా పెట్టాను.

ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటిగా చెబుతున్నాను, నాన్నమ్మకు ఎవరైనా చదివి వినిపించండి: ఎం, యు, ఎన్, జె, ఎ, ఎల్, యు, తర్వాత నాలుగు, ఏడు. జి, ఎ, వి, వి, ఎ, ఎల్, యు, తర్వాత ఆరు, మూడు. మొత్తం 18. అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఎక్కడా లేదు. రెండు ‘వి’లు పక్కపక్కనే ఉండేసరికి చేతిరాతలో అవి డబ్ల్యూలాగా కనిపిస్తాయి. నిన్న నేనే అలా పొరపడ్డాను, నా రాత నాకే అర్థం కాలేదు. ఎల్ అక్షరం ఒకటి అంకెలా ఉంటుంది. ఇందులో ఒకటీ లేదు, సున్నా లేదు, కాబట్టి ఆ అనుమానం పెట్టుకోవద్దు.

పాత పాస్‌వర్డ్ నాన్నగారి ఫోను నంబరు. అది పాలబ్బాయి మొదలుకొని ఎదురింటి కుర్రాడి వరకు అందరికీ తెలుసు. సాయంత్రం ఆరయ్యేసరికి మన నెట్టు నత్తనడక నడవడానికి అదీ ఒక కారణమని నా అనుమానం. కొత్తది మన ఇంట్లోనే ఉండనివ్వండి. చుట్టాలు, స్నేహితులు వస్తే వాళ్లకోసం వేరే పేరు పెట్టాను:

```
పేరు: Sampenga-Chuttalu
పాస్‌వర్డ్: randirandi2468
```

ఇది ఎవరు అడిగినా మొహమాటం లేకుండా చెప్పేయవచ్చు. దీనితో ఇంటర్నెట్ వస్తుంది కానీ మన టీవీ జోలికి, ఇంట్లో మిగతా ఫోన్ల జోలికి రాలేరు. అమ్మా, అత్తయ్య పిల్లలు వచ్చినప్పుడు కూడా ఇదే ఇవ్వు. వాళ్లు ఆడే ఆటలకు ఇది చాలు.

ఇప్పుడు ఆ రెండు పేర్ల సంగతి. నాన్నగారూ, నిన్న మీరు ‘నా ఫోను 5జీ కాదు కదమ్మా, ఇది నాకు పనికిరాదేమో’ అన్నారు. వైఫై పేరు చివర ఉన్న 5జీకి, సిమ్ కార్డు 5జీకి ఏ సంబంధమూ లేదు. ఇక్కడ అది 5 గిగాహెర్ట్జ్ తరంగం అని చెప్పడానికి పెట్టే గుర్తు. వేగం ఎక్కువ, కానీ గోడలు దాటడం దానికి చేతకాదు. మామూలు Sampenga 2.4 గిగాహెర్ట్జ్. వేగం కొంచెం తక్కువైనా గోడలు దాటుకుని వెనక గది వరకు, మేడమీద వరకు వెళ్తుంది. అందుకని హాల్లో కూర్చునే వాళ్లు, హాలు టీవీ 5జీ పేరు ఉన్నదానికి కలవాలి. నాన్నమ్మ గది, వంటిల్లు, బాబాయి వాళ్ల మేడ మామూలుదానికి. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతున్నంతసేపు మామూలుది కాస్త తడబడవచ్చు. ఆ పెట్టె కూడా 2.4 తరంగంలోనే పనిచేస్తుంది మరి. కాసేపు ఆగితే సర్దుకుంటుంది.

ఫోను కలపడం ఇలా. Settings తెరిచి Wi-Fi అని ఉన్నచోట నొక్కండి. స్విచ్చి ఆన్‌లో ఉంటే చుట్టుపక్కల ఇళ్ల పేర్లన్నీ ఒక వరుసలో వస్తాయి. సీతమ్మధారలో ఒక్క వీధిలో ఇన్ని వైఫైలా అని మీకే ఆశ్చర్యం వేస్తుంది. అందులో మన పేరు మీద నొక్కి, పాస్‌వర్డ్ కొట్టండి. కొట్టేటప్పుడు అక్షరాలు చుక్కలుగా కనబడతాయి. పక్కనే కన్ను బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కితే మీరు కొట్టినది కనబడుతుంది. ముందు ఆ కన్ను తెరిచాకే కొట్టండి, సగం పొరపాట్లు అక్కడే తప్పుతాయి. తర్వాత Connect. ఒక్కసారి కలిస్తే ఫోను గుర్తుపెట్టుకుంటుంది, బజారుకు వెళ్లి వచ్చినా తనంతట తానే కలుస్తుంది.

కొట్టడం చిరాకనిపిస్తే ఇంకో దారి ఉంది. అమ్మ ఫోను ఇప్పటికే కలిసి ఉంది. అందులో Wi-Fi దగ్గర మన పేరు పక్కనున్న గుర్తు నొక్కితే Share అని వస్తుంది. అది నొక్కి వేలిముద్ర పెడితే నలుపు తెలుపు గళ్ల చతురస్రం ఒకటి వస్తుంది, కిరాణా కొట్లో డబ్బు పంపడానికి స్కాన్ చేసేదానిలాంటిదే. కలపాల్సిన ఫోను కెమెరాను దాని మీద పెట్టండి. చాలు, ఒక్క అక్షరం కొట్టనక్కర్లేదు. తమ్ముడి ఐఫోను కెమెరా కూడా దాన్ని చదువుతుంది. ఒక్కటే జాగ్రత్త, ఆ గళ్ల బొమ్మలో పాస్‌వర్డ్ దాగి ఉంటుంది. దాన్ని ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టకండి. బాబాయ్, ఇది ముఖ్యంగా మీకే!

కలిసిందో లేదో చూడాలంటే ఫోను పైన విసనకర్ర గుర్తు చూడండి. అది లేకపోతే మీరు చూస్తున్న వీడియోలన్నీ సిమ్ కార్డు డేటా తింటున్నాయన్నమాట. పోయిన నెల అమ్మ డేటా రోజూ మధ్యాహ్నానికే అయిపోయింది ఇందుకే. పాత వైఫై పేరు ఫోనులో ఇంకా ఉంటే దాని మీద నొక్కి Forget చేసేయండి.

హాలు టీవీలో చేయాల్సింది ఏమీ లేదు. ఎప్పుడైనా మళ్లీ పాస్‌వర్డ్ అడిగితే రిమోటులో పళ్లచక్రం బొమ్మ నొక్కి, Network అనే చోటికి వెళ్లి, మన 5జీ పేరు ఎంచుకోవాలి. తెర మీద అక్షరాల పలక వస్తుంది. రిమోటు బాణాలతో ఒక్కో అక్షరం దగ్గరికి వెళ్లి మధ్య బొత్తం నొక్కాలి. ఓపిక కావాలి, పద్దెనిమిది సార్లు. అంకెలకు పలక మూలలో 123 అని వేరే బొత్తం ఉంటుంది. పలక పెద్ద అక్షరాలతో మొదలైతే పైకి చూపే బాణం నొక్కి చిన్నవిగా మార్చుకోండి. నిన్న నేను మొదటిసారి కొట్టిన పాస్‌వర్డ్ తప్పింది ఈ పెద్ద ఎం వల్లే.

నాన్నమ్మ గదిలో టీవీ పాతది. దాని వెనక గుచ్చిన చిన్న కర్ర లాంటి పరికరమే వైఫై పట్టేది. దానికి 5జీ పేరు కనబడదు, కాబట్టి వెతకవద్దు. మామూలు Sampenga ఎంచుకోవాలి. తమ్ముడూ, ఈ పని నీది. నాన్నమ్మా, నువ్వు పొద్దున్నే చూసే భక్తి ఛానెల్ కేబుల్లో వస్తుంది. నెట్టు ఉన్నా లేకపోయినా సింహాద్రి అప్పన్న నీకు కనబడతాడు, బెంగపడకు.

ఫోనులోని ఫొటోలు టీవీలో చూడాలంటే ఫోను, టీవీ రెండూ మన ఇంటి పేరుకే కలిసి ఉండాలి. చుట్టాల పేరుకు కలిసిన ఫోనుకు టీవీ దొరకదు. ‘రావట్లేదేమిటి’ అని అరగంట కుస్తీ పట్టే ముందు అది చూసుకోండి.

ఇక ఆ తెల్ల పెట్టె. హాల్లో పుస్తకాల అర పైన, కిటికీకి దూరంగా పెట్టించాను. కిటికీ ఊచలే తుప్పు పట్టే సముద్రపు గాలి మనది, దానికి ఆ గాలి తగలనివ్వకండి. ఇనుప బీరువా పక్కకు జరపకండి, తరంగాలను ఇనుము ఆపేస్తుంది. అమ్మా, దాని మీద లేసు గుడ్డ కప్పకు. అది వేడెక్కుతుంది, దానికి ఊపిరి ఆడాలి. దుమ్ము పడితే పడనీ. వెనక ఉన్న సన్నటి పసుపు తీగ లోపల గాజు ఉంటుంది. దాన్ని మేకుకు చుట్టకండి, మడవకండి. వెనకవైపు సూది మొన పట్టేంత కన్నం ఒకటి కనబడుతుంది. అందులో పిన్నీసు పెట్టి చూడాలని ఎవరికైనా అనిపిస్తే చేయి వెనక్కి తీసుకోండి. దాన్ని కాసేపు నొక్కి ఉంచితే ఈ పేర్లు, పాస్‌వర్డులు అన్నీ చెరిగిపోతాయి.

నెట్టు ఆగిపోతే మొదట పెట్టె ముందున్న దీపాలు చూడండి. LOS దగ్గర ఎర్రగా వెలుగుతుంటే బయట తీగ తెగిందనో వంగిందనో అర్థం. అది మన చేతిలో లేదు, కంపెనీకి ఫోను చేయాలి. వాళ్ల నంబరు బిల్లు కాగితం మీద ఉంది, కాగితం టీవీ సొరుగులో ఉంది. ఎరుపు లేకుండానే నెట్టు రాకపోతే పెట్టె స్విచ్చి ఆపి, నిదానంగా పది లెక్కపెట్టి, మళ్లీ వేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా అది తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా ‘నెట్టు పోయింది’ అని నాకు ఫోను చేయవద్దు. ఉరుములు మెరుపులు ఉంటే ప్లగ్గు తీసేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటే లేదు, అప్పుడు మనకు లోకం సంగతి చెప్పింది నాన్నగారి పాత ట్రాన్సిస్టరే. దాన్ని మాత్రం పారేయకండి.

కంపెనీ నుంచి అంటూ ఎవరైనా ఫోను చేసి ఓటీపీ అడిగినా, ఏదో యాప్ వేసుకోమన్నా ఫోను పెట్టేయండి. వైఫై బాగుచేయడానికి ఓటీపీతో పని లేదు. నాన్నగారూ, మర్యాదగా మాట్లాడుతున్నారు కదా అని కబుర్లలోకి దిగకండి.

ఈ కాగితాన్ని ఫ్రిజ్ మీద కాకుండా వంటింటి అలమర తలుపుకు లోపలివైపు అంటించాను. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఫ్రిజ్ దగ్గర నిలబడే కబుర్లు చెబుతారు. బండి దిగగానే నేను వీడియో కాల్ చేస్తాను. తమ్ముడూ, అప్పటికి నాన్నమ్మ టీవీ పని అయిపోవాలి.