విషయం: ప్రూఫ్‌రీడర్ ఉద్యోగం – మీ మెయిల్‌కు కృతజ్ఞతలు

ఎడిటర్ గారికి,

నమస్కారం మేడమ్.

ప్రూఫ్‌రీడర్ ఉద్యోగానికి వేరొకరిని తీసుకున్నట్టు మీరు నిన్న సాయంత్రం పంపిన మెయిల్ అందింది. ఈ ఉద్యోగం మీద చాలా ఆశ పెట్టుకున్నాను కాబట్టి చదవగానే మనసు చిన్నబోయింది. అయినా మీరు ఎంపిక కాలేదని ఒక్క ముక్క రాసి ఊరుకోలేదు. దిద్దడంతో పాటు ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టడం కూడా వచ్చిన మనిషి కావలసి వచ్చిందని కారణం చెప్పారు. ఇదివరకు నేను దరఖాస్తు పెట్టినచోట్ల అసలు జవాబే రాలేదు. అందుకే మీ మెయిల్‌కు విలువ ఇస్తున్నాను, మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెబుతున్నాను. ఎంపికైనవారికి నా అభినందనలు తెలియజేయండి.

మరో విషయానికి కూడా మీకు కృతజ్ఞత చెప్పుకోవాలి. ఇంటర్వ్యూ రోజున నాలుగు పేజీల ప్రూఫు ఇచ్చి దిద్దమన్నారు. వ్యాసంలో ‘ఆర్ధిక’, ‘ప్రతిష్ట’, ‘మధ్యాన్నం’ లాంటివన్నీ పట్టుకున్నాను. కథ పేజీకి వచ్చేసరికి మాత్రం ‘వస్తుండు’ అన్న మాట కొట్టేసి ‘వస్తున్నాడు’ అని రాశాను. మీరు దాని కింద పెన్సిల్‌తో గీత గీసి, “ఇది తప్పు కాదమ్మా, ఆ పాత్ర ఊరి మాట” అన్నారు. ఏడేళ్లుగా ఏలూరులో మా ప్రెస్సుకు వచ్చే గైడ్లు, ప్రశ్నల పుస్తకాలు దిద్దీ దిద్దీ అన్ని వాక్యాలనూ ఒకే అచ్చులోకి తేవడం నా చేతికి అలవాటైపోయింది. ఆ సంగతి మీరు చెప్పేదాకా నాకు తెలియలేదు. ఇప్పుడు కథ చేతికొస్తే పెన్ను పక్కన పెట్టి ముందు ఒకసారి మొత్తం చదువుతున్నాను. తేడాగా కనిపించిన మాట అదే పాత్ర నోట ఇంకెక్కడైనా వచ్చిందేమో చూస్తున్నాను. అప్పటికీ తేలకపోతే దిద్దకుండా పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తున్నాను, రచయితే చెప్పాలి కదా అని.

మీ నిర్ణయం మార్చుకోమని అడగడానికి ఇదంతా రాయడం లేదు. మీకు కావలసిన పని నాకింకా రాదు, ఆ మాట నిజం. వచ్చే ఆదివారం నుంచి ఇన్‌డిజైన్ క్లాసులకు వెళ్తున్నాను, ఫిబ్రవరి నెలాఖరుకు పూర్తవుతాయి. మీకు అభ్యంతరం లేకపోతే మార్చిలో నేను స్వయంగా కట్టిన పేజీలు కొన్ని నమూనాగా పంపుతాను. వాటికి జవాబు రాసే శ్రమ తీసుకోవద్దు. నా దరఖాస్తుతో పాటు ఫైల్లో ఉంచితే చాలు. ఇకముందు ప్రూఫ్‌రీడింగ్‌లో గానీ కాపీ ఎడిటింగ్‌లో గానీ ఖాళీ వస్తే నాకొక కబురు చేయండి. ఇక్కడ ఒక నెల ముందు చెప్పి మానేయవచ్చు. విజయవాడకు రైల్లో రోజూ వచ్చి వెళ్లడానికి కూడా మా ఇంట్లో ఒప్పుకున్నారు.

ఈలోగా ఒక మాట. అను ఫాంట్లలో ఉన్న మీ పాత పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ వేస్తున్నామని ఆ రోజు చెప్పారు. అలా మార్చిన ఫైళ్లతో నేను మూడేళ్లుగా పనిచేస్తున్నాను. ఒత్తులు తారుమారు కావడం, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలు కలిసిపోయి ‘సాఫ్ట్వేర్’గా మారడం, పొల్లు ఎగిరిపోవడం లాంటివి ఎక్కడెక్కడ దాక్కుంటాయో నాకు బాగా తెలుసు. పాత ప్రతిని పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసే ఓపిక కూడా ఉంది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ముందు మీ దగ్గర పని ఒత్తిడి ఎక్కువగా ఉంటే, పేజీ లెక్కన బయటి పనిగా ఇవ్వవచ్చు. రాత్రి పూట, ఆదివారం క్లాసు అయ్యాక ఇంటి దగ్గర చేస్తాను. వారానికి నూట యాభై పేజీలకు మించి ఒప్పుకోను, హడావిడిగా చూస్తే మీకూ నాకూ మంచిది కాదు. ముందు ఒక్క ఫారం, పదహారు పేజీలు ఇచ్చి చూడండి. పని నచ్చితేనే మిగతాది.

ఆ రోజు నేను వచ్చేసరికి రైలు ఆలస్యమై నలభై నిమిషాలు దాటింది. విసుక్కోకుండా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, పూర్తి సమయం ఇచ్చి పరీక్ష రాయించారు. మీ ఆఫీసులో అందరికీ నా నమస్కారాలు.

నా ఫోన్ నంబరు దరఖాస్తులో ఇచ్చినదే, మారలేదు.

ఇట్లు
సుజాత
ఏలూరు