ఓఆర్‌ఎస్ కరపత్రం మూడో పేరా: ‘క’ ప్రతి, ‘ఖ’ ప్రతుల పరిశీలన

వానలు మొదలయ్యే ముందు ఐదేళ్లలోపు పిల్లలున్న ప్రతి ఇంటికీ ఆశా కార్యకర్తలు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లతో, జింకు మాత్రలతో కలిపి ఇవ్వబోయే కరపత్రంలో మూడో పేరాను తిరగరాయమని మన బృందం ఇద్దరు రచయితలను కోరింది. వారు పంపిన రెండు ప్రతుల్లో ఏది అచ్చుకు పోవాలో తేల్చే పని నాకు అప్పగించారు కనుక, నా నిర్ణయాన్నీ దానికి కారణాలనూ ఇక్కడ రాస్తున్నాను. రచయితలకు మనం రాతపూర్వకంగా చెప్పిన లక్ష్యం ఇది: “ఏడో తరగతి దాకా చదువుకున్న తల్లి, పక్కన ఎవరూ లేకపోయినా, ఈ పేరా చదివి ద్రావణాన్ని తప్పు లేకుండా కలిపి తాగించగలగాలి, బిడ్డను ఎప్పుడు ఆస్పత్రికి తీసుకుపోవాలో ఆమెకు స్పష్టంగా తెలియాలి.” ఏ ప్రతి చదవడానికి హాయిగా ఉంది, ఏది పొట్టిగా ఉంది అన్న ప్రశ్నలు ఈ లక్ష్యంలో లేవు. అందువల్ల వాటికి నేను రెండో స్థానమే ఇచ్చాను.

మూల పేరా ఇలా ఉంది:

“అతిసార వ్యాధిగ్రస్తులైన శిశువులయందు నిర్జలీకరణ నివారణార్థము ఓఆర్‌ఎస్ ద్రావణమును నిర్దేశిత ప్రమాణములో తయారుచేసి వినియోగింపవలెను. ఒక ప్యాకెట్టును ఒక లీటరు పరిశుభ్రమైన నీటియందు సంపూర్ణముగా కరిగించి, ప్రతి విరేచనానంతరము రెండు సంవత్సరముల లోపు వారికి 50 నుండి 100 మి.లీ., ఆపైబడిన వారికి 100 నుండి 200 మి.లీ. ఇవ్వవలెను. తయారైన ద్రావణమును 24 గంటలలోపు వినియోగింపవలెను. స్తన్యపానము కొనసాగింపవలెను. జింకు 14 దినములు, 2 నుండి 6 మాసముల శిశువులకు దినమునకు 10 మి.గ్రా., ఆపైబడిన వారికి 20 మి.గ్రా. ఇవ్వవలెను. ప్రమాద సూచనలు గమనించిన యెడల సమీప వైద్యశాలను సంప్రదింపవలెను.”

‘క’ ప్రతి:

“చంటిపిల్లలకు మోషన్స్ అవుతుంటే కంగారు పడకండి. విరేచనాలకు మంచి మందు మీ చేతిలోనే ఉంది! ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును లీటరు నీటిలో కలిపి కొద్దికొద్దిగా, తరచుగా తాగించండి. కలిపిన నీటిని ఎక్కువసేపు నిల్వ ఉంచకండి. తల్లిపాలు ఇస్తూ, తేలికైన ఆహారం పెట్టండి. విరేచనాలు తగ్గేవరకు జింకు మాత్రలు వేయండి. బిడ్డ బాగా నీరసించినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లండి.”

‘ఖ’ ప్రతి:

“బిడ్డకు నీళ్ల విరేచనాలు మొదలవగానే ఓఆర్‌ఎస్ తాగించడం మొదలుపెట్టండి. ఇది విరేచనాలను ఆపే మందు కాదు. విరేచనాల్లో పోయిన నీటిని, లవణాలను ఒంటికి తిరిగి ఇస్తుంది. కాబట్టి విరేచనాలు అవుతున్నా తాగించడం ఆపకండి. ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు సీసాతో నిండా కొలిచి శుభ్రమైన గిన్నెలో పోయండి. ప్యాకెట్టులోని పొడి మొత్తం ఒకేసారి అందులో వేసి, కరిగేదాకా కలపండి. చక్కెర, ఉప్పు, పాలు, పళ్లరసం ఏవీ కలపకండి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్లలోపు బిడ్డకు అర టీ గ్లాసు నుంచి ఒక టీ గ్లాసు, రెండేళ్లు దాటిన బిడ్డకు ఒకటి నుంచి రెండు టీ గ్లాసులు మెల్లగా తాగించండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో మళ్లీ తాగించండి. ఈరోజు పొద్దున కలిపినది రేపు పొద్దుటికి మిగిలితే పారబోసి కొత్తది కలపండి. తల్లిపాలు ఆపకండి, అన్నం తినే బిడ్డకు రోజూ పెట్టేదే పెట్టండి. విరేచనాలు ఆగిపోయినా జింకు మాత్రలు పద్నాలుగు రోజులూ వేయండి: ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు ఒక మాత్ర, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు అర మాత్ర. కళ్లు గుంటలు పడినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, తాగిందంతా వాంతి అవుతున్నా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.”

నా నిర్ణయం: కింద చెప్పిన సవరణలతో ‘ఖ’ ప్రతి అచ్చుకు వెళ్లాలి.

ముందుగా ‘క’ ప్రతికి దక్కవలసిన మెప్పు చెప్పాలి. గ్రాంథిక క్రియలను, సమాసాలను పూర్తిగా వదిలించి, ఇంట్లో మాట్లాడే తెలుగులోకి పేరాను తెచ్చింది. “కంగారు పడకండి” అన్న మొదటి మాట, అర్ధరాత్రి బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఈ కాగితం వెతుక్కునే తల్లికి నిజంగా అవసరమైన మాట. బిగ్గరగా చదివితే ఎక్కడా నాలుక తడబడదు. అయితే మూలంలో ఉన్న కచ్చితమైన అంశాలు ఈ సులువు కోసం ఒక్కొక్కటిగా జారిపోయాయి. 24 గంటలు “ఎక్కువసేపు” అయింది. 50 నుంచి 100 మిల్లీలీటర్లు “కొద్దికొద్దిగా” అయింది. ఆరు నెలల్లోపు బిడ్డకు జింకు సగమే వేయాలన్న జాగ్రత్త కనిపించకుండా పోయింది. భాష కష్టంగా ఉండటం వేరు, విషయం కచ్చితంగా ఉండటం వేరు. మొదటిదాన్ని తీసేయమని మనం అడిగితే ‘క’ ప్రతి రచయిత రెండోదాన్ని కూడా తీసేశారు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినది “విరేచనాలకు మంచి మందు” అన్న వాక్యం. మందు అన్న మాట వినగానే, వేసిన కాసేపటికి జబ్బు తగ్గుతుందని ఎవరైనా ఆశిస్తారు. ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపదు. చిన్నపేగులో గ్లూకోజు సోడియంను తనతో పాటు లోపలికి తీసుకువెళుతుంది, ఆ రెండింటి వెంట నీరు ఒంట్లోకి చేరుతుంది. అది చేసే మేలు అదే. పొద్దున నాలుగుసార్లు తాగించినా మధ్యాహ్నానికి విరేచనాలు తగ్గకపోతే, మందు అనుకున్న తల్లి “ఇది పని చేయడం లేదు” అని పక్కన పెట్టేస్తుంది. బిడ్డకు దాని అవసరం ఎక్కువగా ఉండే సమయం సరిగ్గా అదే. ‘ఖ’ ప్రతి రచయిత ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి, “ఆపే మందు కాదు” అని రెండో వాక్యంలోనే చెప్పారు. మూలంలో లేని వాక్యాన్ని చేర్చారని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. కానీ లక్ష్యం తల్లి సరిగ్గా తాగించడమే అయితే, ఆ వాక్యం లేకుండా లక్ష్యం నెరవేరదు.

కొలతల విషయంలో రెండు వేర్వేరు సంగతులున్నాయి: కలిపే కొలత ఒకటి, తాగించే కొలత మరొకటి. కలిపే కొలతలో సడలింపు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఓఆర్‌ఎస్ సూత్రాన్ని మార్చి, మొత్తం గాఢతను లీటరుకు 311 మిల్లీ ఆస్మోల్ నుంచి 245కు, సోడియంను 90 నుంచి 75కు తగ్గించింది. అంత జాగ్రత్తగా కుదించిన గాఢత, లీటరు పోయవలసిన చోట అర లీటరు పోస్తే రెట్టింపు అవుతుంది. ఒంట్లో ఉప్పు పెరిగి బిడ్డకు హాని జరగవచ్చు. నీళ్లు మరీ ఎక్కువైతే పోయిన లవణాలు తిరిగి చేరవు. ‘క’ ప్రతిలో “లీటరు నీటిలో” అని ఉంది నిజమే, కానీ లీటరును దేనితో కొలవాలో లేదు, పొడి మొత్తం వేయాలని కూడా లేదు. కొంచెం పొడిని గ్లాసులో కలిపి, మిగిలినది మడిచి డబ్బాలో దాచే అలవాటు మన ఇళ్లలో ఉంది. ‘ఖ’ ప్రతిలోని “లీటరు సీసా”, “మొత్తం ఒకేసారి” అన్న మాటలు ఆ అలవాటును నేరుగా అడ్డుకుంటాయి.

తాగించే కొలతకు టీ గ్లాసు వాడటం సరైనదేనా అని నాకూ మొదట సందేహం కలిగింది. మా ఇంట్లో ఉన్న మూడు రకాల టీ గ్లాసులలో సూది లేని సిరంజితో నీళ్లు పోసి చూశాను. ఒకదానిలో 75, ఇంకొకదానిలో 90, స్టీలు గ్లాసులో 120 మిల్లీలీటర్లు పట్టాయి. అంటే కచ్చితత్వం లేదు. అయినా, మూలం చెప్పినదే 50 నుంచి 100 అనే వెడల్పైన పరిమితి. ద్రావణం సరిగ్గా కలిసి ఉంటే, కాస్త అటూ ఇటూ తాగినందువల్ల చిక్కు రాదు. మిల్లీలీటరు అన్న మాట చూసి ఆగిపోయే తల్లికి టీ గ్లాసు చేతిలో ఉన్న వస్తువు. అందుచేత ఆ మాటను అలాగే ఉంచాలి.

ఆహారం గురించి ‘క’ ప్రతి “తేలికైన ఆహారం” అంది. ఈ మాటకు మన ఇళ్లలో ఉన్న అర్థం గంజి నీళ్లు, లేదా పస్తు. “లంఖణం పరమౌషధం” అన్న సామెత పెద్దల నోట ఇప్పటికీ వినిపిస్తుంది, విరేచనాలైన బిడ్డ కడుపు మాడ్చడం మంచిదని నమ్మే అత్తగార్లు, అమ్మమ్మలు తల్లి పక్కనే ఉంటారు. “రోజూ పెట్టేదే పెట్టండి” అని అచ్చులో ఉంటే, ఆ తల్లి కాగితం చూపించి మాట నెగ్గించుకోగలుగుతుంది.

జింకు విషయంలో ‘క’ ప్రతిది సడలింపు కాదు, తప్పు. “విరేచనాలు తగ్గేవరకు” అంటే మూడో రోజుకే మాత్రలు ఆగిపోతాయి. మూలం 14 రోజులని స్పష్టంగా చెప్పింది. ఈ ఒక్క వాక్యం కారణంగానే ‘క’ ప్రతిని ఉన్నదున్నట్టుగా అచ్చుకు పంపలేము. “నీరసించినట్టు అనిపిస్తే” అన్న మాట కూడా చాలదు. విరేచనాలైన బిడ్డలు దాదాపు అందరూ నీరసంగానే ఉంటారు కనుక, తల్లి అయితే ప్రతిసారీ పరుగెత్తాలి, లేకపోతే ఎప్పటికీ కదలకూడదు. కళ్లు గుంటలు పడటం, రక్తం కనిపించడం కంటితో చూసి తేల్చుకోగలిగినవి.

‘ఖ’ ప్రతిలో నేను కోరే సవరణలు చెబుతాను. “కాచి చల్లార్చిన నీళ్లు” అన్నది షరతులా వినిపిస్తుంది. పొయ్యి వెలిగించి, నీళ్లు చల్లారేదాకా ఎదురుచూసే తల్లి గంట పోగొట్టుకుంటుంది. “తాగడానికి వాడే శుభ్రమైన నీళ్లు, కాచి చల్లార్చినవి సిద్ధంగా ఉంటే మరీ మంచిది” అని మార్చాలి. “లవణాలు” బదులు “ఉప్పు” చాలు. అయితే కింద “ఉప్పు కలపకండి” అని ఉంది కనుక, ఆ వాక్యాన్ని “ఇంట్లోని చక్కెర, ఉప్పు” అని మార్చకపోతే గందరగోళం వస్తుంది. బజారులో 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. మనం ఇచ్చేవి అయిపోయి తల్లి దుకాణంలో కొన్నప్పుడు పొరపాటు జరగకుండా, కొలిచే వాక్యానికి ముందు “ప్యాకెట్టు మీద ఒక లీటరుకు అని ఉందో లేదో చూసుకోండి” అని చేర్చాలి. అర మాత్ర లెక్క 20 మిల్లీగ్రాముల మాత్రకే సరిపోతుంది కనుక, పంచే మాత్రలు అవేనని అచ్చుకు ముందు సరిచూసుకోవాలి. చివరి వాక్యంలో ఐదు లక్షణాలు ఒకే దారానికి గుచ్చినట్టున్నాయి. ఆ వాక్యాన్ని విడిగా, పెద్ద అక్షరాలతో వేసి, “బిడ్డ తాగగలిగితే దారిలో కూడా ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఉండండి” అని ముగించాలి.

పొడవు గురించి ఒక మాట. ‘ఖ’ ప్రతి ‘క’ ప్రతికి రెండింతలు మించి ఉంది కనుక అక్షరాలు చిన్నవి చేయాలన్న ఆలోచన వస్తుంది. దయచేసి అది చేయవద్దు. కరపత్రం వెనక వైపు పథకం వివరాలకు కేటాయించిన సగం పేజీ ఈ పేరాకు ఇవ్వండి. ‘క’ ప్రతిలోని “కంగారు పడకండి” అన్న రెండు మాటలను ‘ఖ’ ప్రతి మొదట్లో చేర్చడానికి ఇద్దరు రచయితలూ ఒప్పుకుంటారని అనుకుంటున్నాను. సవరించిన ప్రతిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి చూపించాక, అచ్చుకు ముందు ఇద్దరు ముగ్గురు తల్లుల చేతికి ఇచ్చి, ప్యాకెట్టు, సీసా ముందు పెట్టి, ఏమీ చెప్పకుండా కలపమని అడగాలి. వారి చెయ్యి ఎక్కడ ఆగితే ఆ వాక్యాన్ని మళ్లీ రాయిద్దాం.