సింహగిరి పంచకం

ఈ ఏడాది చందనోత్సవానికి అమ్మను తీసుకుని సింహాచలం వెళ్లొచ్చాను. ఇంటికొచ్చాక వారం రోజులు కూర్చుంటే ఈ ఐదు పద్యాలు కుదిరాయి. అమ్మ పెద్దగా చదువుకోలేదు. అయినా వేమన పద్యాలు ఎన్ని అడిగినా గడగడా చెప్పేస్తుంది. ఆవిడ నోటికి అలవాటైన నడక అదే కాబట్టి ఆటవెలదిలోనే రాశాను. సీసం రాసి ఆవిడ చేతికిస్తే దండం పెట్టి దేవుడి గూట్లో పెట్టేస్తుంది. ఆటవెలది అయితే పాడుకుంటుంది.

అన్నిటికంటే ముందు మకుటం దొరికింది. క్యూలో నిలబడి ఉండగానే.

సింహగిరినివాస శ్రీనృసింహ

సింహ | గిరిని | వాస | శ్రీనృ | సింహ. రెండూ నాలుగూ పాదాల్లో ఐదేసి సూర్యగణాలు ఉండాలి. సూర్యగణమంటే ఒక గురువూ ఒక లఘువూ, లేదా మూడు లఘువులు. ఇక్కడ "గిరిని" ఒక్కటే మూడు లఘువులు, మిగతావన్నీ గురులఘువులు. నృ దగ్గర కాసేపు అనుమానం వచ్చింది కానీ అందులో ఉన్నది ఋకారమే, సంయుక్తాక్షరం కాదు, లఘువే. యతి సి-శ్రీ. స్వామి పేరులోనే యతి ఉందని తెలిసినప్పుడు ఒళ్లు జలదరించింది.

తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్లెక్కిన పాత రోజులు తలుచుకుని రాసింది మొదటి పద్యం.

మెట్టుమెట్టుకొక్క మేలు తలచుకొంటి
లెక్క తప్పిపోయె లెక్కలేక
కొండ యెక్కి చూడ కొరతయే లేదయా
సింహగిరినివాస శ్రీనృసింహ

చిన్నప్పుడు అమ్మ నిజంగానే అలా ఎక్కించేది. "ఈ మెట్టుకి నీ జ్వరం తగ్గింది, ఈ మెట్టుకి నాన్నకి ఉద్యోగం వచ్చింది" అని చెబుతూ. వందో మెట్టు దాటేసరికి ఇద్దరం లెక్క మర్చిపోయేవాళ్లం.

రెండో పద్యమే నన్ను బాగా తిప్పలు పెట్టింది. అప్పన్న స్వామి ఏడాదంతా చందనం పూతలో లింగాకారంగా కనిపిస్తాడు. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ, ఆ ఒక్క రోజే పూత తీసి నిజరూపం చూపిస్తారు. ఆ మాట ఎలాగైనా పద్యంలో పడాలి. నేను మొదట రాసింది ఇది:

చందనంపు పూత మాటున దాగిన
నీ నిజరూపు చూడ నిలిచినాము

బాగానే ఉందనుకుని, మాకు బళ్లో తెలుగు చెప్పిన మాస్టారికి ఫోన్ చేసి చదివాను. ఆయన పాదం చివరిదాకా విననే లేదు. "ఒరేయ్, చం కి మా తో యతి ఎక్కడుందిరా? మళ్లీ చదువు" అన్నారు. చదివాను. గణాలు సరిపోయాయి: చంద | నంపు | పూత | మాటున | దాగిన. మూడు సూర్యగణాలు, ఆపైన రెండు ఇంద్రగణాలు, రెండూ భగణాలే. కానీ నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి కదా. నేను గణాలు లెక్కపెడుతూ అసలు సంగతి వదిలేశాను. "మాటున" తీసేసి "చాటున" పెడితే చాలు. అర్థం కూడా మారలేదు. ఒక్క అక్షరం.

రెండో పాదం తప్పు అంతకంటే పెద్దది. నీని | జరూ... అక్కడే ఆగిపోయింది. జ లఘువు, రూ గురువు. సూర్యగణం లఘువుతో మొదలైతే మూడూ లఘువులే కావాలి, మధ్యలో గురువు రాకూడదు. నిజరూపం అన్న మాట మీద నాకెంత ప్రేమ ఉన్నా, ఆ చోట అది ఇమడలేదు. రెండు రోజులు వంటింట్లోనూ బస్సులోనూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మూడో రోజు పొద్దున్న "నిజపు రూపు" తట్టింది. నిజపు | రూపు | చూడ | నిలిచి | నాము. యతి కూడా ని-ని. "నీ" పోయింది కానీ మకుటంలో ఎలాగూ స్వామినే పిలుస్తున్నాం.

చందనంపు పూత చాటున దాగిన
నిజపు రూపు చూడ నిలిచినాము
ఎండ నోర్చుకొనియె నేడాది కోరిక
సింహగిరినివాస శ్రీనృసింహ

మూడో పాదం మాత్రం అనగానే వచ్చేసింది. ఎండ | నోర్చు | కొనియె | నేడాది | కోరిక. వైశాఖపు ఎండలో, డెబ్భై దాటిన వయసులో, అమ్మ ఒక్కసారి కూడా కూర్చుంటాననలేదు. ఓర్చుకున్నది ఒళ్లు కాదు, ఆ కోరికే. నేను చూసిందే రాశాను.

మూడో పద్యం వేరే రోజుది. చెల్లికి పెళ్లయి ఏడేళ్లయినా పిల్లల్లేరు. పోయిన కార్తీకంలో అమ్మ కప్పస్తంభాన్ని కౌగిలించుకుంది. సంతానం కోసం ఆ స్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ చెంప రాతికి ఆనించి కళ్లు మూసుకుంది. ఏమీ అనలేదు.

కంబమందు నున్న కరుణను తాకగ
చేతులొక్కసారి చేర్చె నమ్మ
పెదవి కదలలేదు పేగు మాటాడెను
సింహగిరినివాస శ్రీనృసింహ

ఇందులో వ్యాకరణం ప్రకారం "కరుణను దాకగ" అనాలని మాస్టారు చెప్పారు, ద్రుతం మీద పరుషం సరళమవుతుందని. ఆయన మాట సరైనదే. కానీ అమ్మ "తాకగ" అనే పాడుతుంది, నేనూ అలాగే ఉంచాను. యతి, గణం విషయంలో మాత్రం ఎక్కడా సర్దుకోలేదు.

నాలుగోది గంధం గురించి. ఉత్సవానికి ముందు రోజుల్లో గుళ్లో చెక్కల్ని రాతి మీద అరగదీస్తారు. ఆ చప్పుడు, ఆ వాసన ఒకసారి అనుభవించినవాళ్లకి మరుపురావు.

చెక్క యరగి యరగి చేరె నీ మేనిని
నేను నరగనిమ్ము నీ పదముల
పరిమళంబు చాలు ఫలము నే నడుగను
సింహగిరినివాస శ్రీనృసింహ

రెండో పాదంలో యతి నే-నీ. ఏకారానికీ ఈకారానికీ మైత్రి ఉంది. మూడో పాదంలో ప-ఫ. "యరగి యరగి" అని రెండుసార్లు ఎందుకంటే ఆ రెండూ మూడేసి లఘువులు. చదువుతుంటే చెక్క రాతి మీద ముందుకీ వెనక్కీ కదిలినట్టే ఉంటుంది. ఐదు పద్యాల్లోనూ నాకు బాగా నచ్చిన చోటు అదే.

చందనోత్సవం రోజు సాయంత్రం దర్శనాలు ముగిశాక గంగధార నీళ్లతో సహస్ర ఘటాభిషేకం చేసి స్వామికి మళ్లీ చందనం పూస్తారు. అది తొలి విడత. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మిగతా మూడు విడతలు. కొండ దిగుతూ అమ్మ, "మళ్లీ కప్పేస్తారు కదరా నాయనా" అంది. కాసేపాగి, "ఫర్వాలేదులే, చూసేశానుగా" అంది. చివరి పద్యం ఆవిడ మాటే. గణాలు కట్టడం ఒక్కటే నా పని.

మరల పూత కప్పి మరుగున నిలిచిన
మనసులోన రూపు మాసిపోదు
ఒక్క చూపు చాలు నూరటేడాదికి
సింహగిరినివాస శ్రీనృసింహ