పదో తరగతి గణితం: తొమ్మిది మంది విద్యార్థుల నమూనా పరీక్ష, మూల్యాంకన సూచిక

ఈ పత్రం మన సాయంత్రం తరగతిలోని తొమ్మిది మంది విద్యార్థుల కోసం తయారుచేసినది. ఫిబ్రవరి రెండో ఆదివారం ఉదయం 9.30కు, అంటే పబ్లిక్ పరీక్ష మొదలయ్యే వేళకే, ఈ పరీక్ష పెడుతున్నాము. జవాబుపత్రాలను నాతోపాటు దిద్దబోయే ఉపాధ్యాయురాలికి ఎక్కడా సందేహం మిగలకూడదని ప్రశ్నపత్రాన్నీ సూచికనూ ఒకేచోట ఉంచాను. విద్యార్థుల చేతికి ప్రశ్నపత్రం భాగం మాత్రమే వెళ్ళాలి.

పత్రం కొలత

ఆంధ్రప్రదేశ్ పదో తరగతి గణితం పత్రంలో 33 ప్రశ్నలు, 100 మార్కులు ఉంటాయి. ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, అంతర్గత ఎంపికతో ఎనిమిది మార్కులవి 5 ఇస్తారు. చదువుకోవడానికి ఇచ్చే 15 నిమిషాలతో కలిపి వ్యవధి 3 గంటల 15 నిమిషాలు. మనకు దొరికేది ఒక గంట మాత్రమే కనుక అందులో నాలుగో వంతు తీసుకున్నాను. ఒక మార్కు ప్రశ్నలు 3, రెండు మార్కులవి 2, నాలుగు మార్కులవి 2, ఎనిమిది మార్కులది 1 కలిపితే 23 మార్కులు అవుతాయి. 25 చేస్తే చూడటానికి బాగుంటుంది కానీ, అందుకోసం రెండు ఒక మార్కు ప్రశ్నలు అదనంగా చేర్చాలి. అలా చేర్చగానే పత్రం అసలు పరీక్ష కన్నా తేలికవుతుంది. అందుచేత 23నే ఉంచాను. అసలు పరీక్షలో మార్కుకు 1.8 నిమిషాలు వస్తాయి. ఆ లెక్కన రాయడానికి 42 నిమిషాలు, చదువుకోవడానికి 4 నిమిషాలు ఇస్తున్నాము.

నవంబరులో నేను పెట్టిన పరీక్షలో ప్రశ్నలన్నీ గైడులోంచి తీసినవే. పిల్లలు జవాబులు గుర్తుపెట్టుకుని రాశారు, అందరికీ మంచి మార్కులు వచ్చాయి, నేనూ సంతోషించాను. నెల తిరగకుండానే వాళ్ళ బడిలో జరిగిన పరీక్షలో వాళ్ళలో నలుగురు తడబడ్డారు. ఆ తప్పు నాదే. ఈసారి అంకెలన్నీ కొత్తవి వేసి, ఏ అధ్యాయంలోని ప్రశ్నో పైకి చెప్పకుండా, వరుస కలిపి ఇచ్చాను. దశలేవీ వదలకుండా, విద్యార్థి రాయవలసినట్టే నేను పత్రమంతా రాసి చూస్తే 14 నిమిషాలు పట్టింది. మన పిల్లలకు నా సమయానికి సుమారు మూడు రెట్లు కావాలన్నది నా అనుభవం, కనుక 42 నిమిషాలు సరిపోతాయి.

ప్రశ్నపత్రం

మొత్తం మార్కులు 23. వ్యవధి 46 నిమిషాలు. మొదటి 4 నిమిషాలు చదవడానికే, అప్పుడు కలం పట్టకూడదు. అన్ని ప్రశ్నలకూ జవాబులు రాయవలెను. ఎనిమిదో ప్రశ్నలో (అ) లేదా (ఆ) మాత్రమే రాయవలెను.

*విభాగం 1 (ఒక్కొక్కటి 1 మార్కు)*

1. రెండు సంఖ్యల గ.సా.భా. 6, క.సా.గు. 180. వాటిలో ఒక సంఖ్య 36 అయితే రెండో సంఖ్య ఎంత?

2. x² − 5x + k = 0 సమీకరణానికి సమాన మూలాలు ఉంటే k విలువ కనుగొనండి.

3. ఒక పాచికను ఒకసారి వేసినప్పుడు ప్రధాన సంఖ్య పడే సంభావ్యత ఎంత?

*విభాగం 2 (ఒక్కొక్కటి 2 మార్కులు)*

4. A(2, 3), B(−4, 11) బిందువుల మధ్య దూరం కనుగొనండి.

5. 7, 11, 15, … అంకశ్రేఢిలో 151 ఎన్నో పదం?

*విభాగం 3 (ఒక్కొక్కటి 4 మార్కులు)*

6. √5 కరణీయ సంఖ్య అని తీసుకొని, 3 + 2√5 కరణీయ సంఖ్య అని నిరూపించండి.

7. ఒక గ్రామంలో 30 మంది రైతులకు ఎకరాకు వచ్చిన వరి దిగుబడి బస్తాలలో ఇలా ఉంది: 20–24 తరగతిలో 4, 24–28లో 5, 28–32లో 8, 32–36లో 10, 36–40లో 3 మంది. ఈ దత్తాంశానికి మధ్యగతం కనుగొనండి.

*విభాగం 4 (8 మార్కులు)*

8. (అ) నేలపై ఒక బిందువు నుంచి చూస్తే నీటి ట్యాంకు పైభాగం 30° ఊర్ధ్వకోణంలో కనిపించింది. ట్యాంకు వైపు తిన్నగా 20 మీటర్లు నడిచి చూస్తే ఆ కోణం 60° అయింది. ట్యాంకు ఎత్తు ఎంత?

లేదా

(ఆ) ఒక బస్సు 180 కి.మీ. దూరాన్ని సమవేగంతో ప్రయాణించింది. దాని వేగం గంటకు 15 కి.మీ. ఎక్కువై ఉంటే ప్రయాణానికి ఒక గంట తక్కువ పట్టేది. బస్సు వేగం కనుగొనండి.

మూల్యాంకన సూచిక

మొదటి మూడు ప్రశ్నలకు జవాబు చూస్తే చాలు. అవి 30, 25/4 (6.25 అని రాసినా సరే), 1/2. ఇక్కడ అర మార్కులు లేవు. రెండో ప్రశ్నలో b² − 4ac = 0 అని రాసి ఆగిపోయినా, మూడో ప్రశ్నలో 1ని కూడా ప్రధాన సంఖ్యగా లెక్కించి 4/6 రాసినా సున్నా వేయాలి.

నాలుగో ప్రశ్నలో సూత్రానికి ½, ప్రతిక్షేపణకు 1, 10 యూనిట్లు అన్న జవాబుకు ½. −4 − 2 బదులు −4 + 2 చేసి √68 రాసినవారికి సూత్రం మార్కు మాత్రమే వస్తుంది, ఎందుకంటే ఈ ప్రశ్న పరీక్షించేదే ఆ గుర్తు. అయిదో ప్రశ్నలో a = 7, d = 4 గుర్తించి 7 + (n − 1)4 = 151 రాస్తే 1, n = 37కు 1. 144ను 4తో భాగించి 36 అని ముగించినవారికి 1 మార్కే. సూత్రం లేకుండా పదాలన్నీ వరుసగా రాసి 37 అని లెక్కపెట్టినవారికి పూర్తి మార్కులు ఇవ్వాలి. ప్రశ్న ఫలానా పద్ధతినే వాడమనలేదు కదా.

ఆరో ప్రశ్నకు నాలుగు దశలు, దశకు ఒక్కో మార్కు. 3 + 2√5 అకరణీయ సంఖ్య అనుకుని దాన్ని a/b అని, a, b పూర్ణసంఖ్యలు, b ≠ 0 అని రాయడం మొదటిది. √5 = (a − 3b)/2b అని తేవడం రెండోది. a, b పూర్ణసంఖ్యలు కనుక కుడివైపు ఉన్నది అకరణీయ సంఖ్య అని మాటల్లో చెప్పడం మూడోది. √5 కరణీయ సంఖ్య కనుక ఇది విరుద్ధం, మన ఊహ తప్పు అని ముగించడం నాలుగోది. మన పిల్లలు వదిలేసేది మూడో దశనే. సమీకరణం రాసి నేరుగా "ఇది విరుద్ధం" అంటారు. దేనికి విరుద్ధమో చెప్పకపోతే మూడో మార్కు ఇవ్వకండి. a, b పరస్పర ప్రధాన సంఖ్యలు అని రాయనందుకు మాత్రం మార్కు కోయవద్దు. √5 నిరూపణలో ఆ మాట తప్పనిసరి, ఈ నిరూపణలో దానితో పనేమీ లేదు. అలవాటు కొద్దీ √5 నిరూపణ కూడా పేజీ నిండా రాసినవారికి దానికి మార్కు ఉండదు, కోత కూడా ఉండదు. పోయిన సమయమే వాళ్ళకు శిక్ష.

ఏడో ప్రశ్నను ఒకసారి మార్చాను. మొదట వేసిన పౌనఃపున్యాలు 4, 7, 10, 6, 3. అందులో మధ్యగత తరగతీ, బాహుళక తరగతీ 28–32 అయ్యాయి. దాంతో ఎక్కువ పౌనఃపున్యం ఉన్న తరగతిని గుడ్డిగా ఎంచుకున్నవారికి కూడా సరైన జవాబు వచ్చేసేది, తప్పు మన కంటికి కనబడేదే కాదు. ఇప్పుడు మధ్యగత తరగతి 28–32, బాహుళక తరగతి 32–36. సంచిత పౌనఃపున్యాలకు (4, 9, 17, 27, 30) 1, మధ్యగత తరగతిని గుర్తించినందుకు 1, సూత్రానికి 1, 28 + (15 − 9)/8 × 4 = 31 బస్తాలు అన్నందుకు 1. 32–36 తీసుకున్నవారికి 31.2 వస్తుంది. అది 31కి ఎంత దగ్గరగా కనిపించినా సంచిత పౌనఃపున్యాలకూ సూత్రానికీ కలిపి 2 మార్కులే. తరగతి సరిగా ఎంచుకుని, ముందు తరగతి సంచిత పౌనఃపున్యం 9 బదులు 17 వేసినవారికి 27 వస్తుంది. మధ్యగతం తన తరగతికే బయట పడిందన్నమాట. వారికి 3 మార్కులు ఇచ్చి, జవాబు పక్కన "ఇది 28–32లో ఉందా?" అని రాయండి.

ఎనిమిది (అ)లో పటానికి 2 (లంబకోణ త్రిభుజాలకు 1, రెండు కోణాలు, 20 మీ. సరైన చోట గుర్తించినందుకు 1), tan 60° సమీకరణానికి 1½, tan 30° సమీకరణానికి 1½, వాటిని సాధించినందుకు 2, ఎత్తు 10√3 మీ. అన్నందుకు 1. ప్రమాణం రాయకపోతే చివరి మార్కులో ½ పోతుంది. నడిచిన 20 మీటర్లనే ట్యాంకు అడుగు నుంచి దూరంగా తీసుకుని 20√3 అని తేల్చినవారితో జాగ్రత్త. మామూలుగా ఒక దశలో తప్పు దొర్లితే ఆ తప్పు విలువతోనే తరువాతి దశలు సరిగా చేసినందుకు మార్కులు ఇస్తాము. ఇక్కడ మాత్రం ఆ తప్పు లెక్కనే మరో తేలిక లెక్కగా మార్చేస్తుంది. కనుక ఎంత చక్కగా రాసినా 3 మార్కులు మించకూడదు.

(ఆ)లో వేగం గంటకు x కి.మీ. అనుకున్నందుకు 1, రెండు కాలాలు 180/x, 180/(x + 15)కు 2, సమీకరణానికి 1, x² + 15x − 2700 = 0 అని సూక్ష్మీకరించినందుకు 1½, సాధనకు 1½, −60ని కారణం చెప్పి వదిలేసినందుకు ½, గంటకు 45 కి.మీ. అన్న జవాబుకు ½. కాలాల తేడాను తలకిందులుగా రాసినవారికి x² + 15x + 2700 = 0 వస్తుంది, దానికి వాస్తవ మూలాలు లేవు. అక్కడే ఆగినవారికి 4½, విచక్షణి రుణాత్మకం కనుక సమీకరణం తప్పని రాసినవారికి 5. ఏమీ చెప్పకుండా తరువాతి వరుసలో గుర్తు మార్చేసి 45 తెచ్చినవారికి 3 మార్కులే. చివరి సంఖ్య చూసి దిద్దితే వీళ్ళు పూర్తి మార్కులు కొట్టేస్తారు.

దిద్దే పద్ధతి

పత్రాల మీద పేర్లు ఉండవు, 1 నుంచి 9 వరకు సంఖ్యలు ఉంటాయి. ఒక విద్యార్థి పత్రం మొత్తం ఒకేసారి దిద్దకుండా, తొమ్మిది మంది ఆరో ప్రశ్న దిద్దాక తొమ్మిది మంది ఏడో ప్రశ్నకు వెళ్ళాలి. ఇద్దరమూ విడివిడిగా వేరే కాగితం మీద మార్కులు వేసి, మొత్తంలో 2 మార్కులకు మించి తేడా వచ్చిన పత్రాలను కలిసి చూద్దాము. తేడా ఏ దశలో వచ్చిందో అక్కడ సూచికలోని మాటను సవరించి, ఆ ప్రశ్నకు తొమ్మిది పత్రాలనూ మళ్ళీ దిద్దుదాము.

తొమ్మిది మందిలో ఒక్కరు తడబడితేనే సగటు మారిపోతుంది కనుక తరగతి సగటు వేయను. 1, 4, 5 ప్రశ్నల్లో కనీసం ఏడుగురికి పూర్తి మార్కులు రావాలి, ఆరు, ఏడు ప్రశ్నల్లో నలుగురైదుగురికి, ఎనిమిదిలో ఇద్దరు ముగ్గురికి వస్తే పత్రం కఠినత నేను అనుకున్నట్టే ఉన్నట్టు. ఎనిమిదో ప్రశ్నలో తొమ్మిది మందీ (అ)నే ఎంచుకుంటే (ఆ) బరువెక్కిందని అర్థం, తరువాతి పత్రంలో ఆ జతను మారుస్తాను. పబ్లిక్ పరీక్షలో ఉత్తీర్ణతకు 35 శాతం కావాలి. 23లో అది 8 మార్కుల పైచిలుకు. 8 లేదా అంతకన్నా తక్కువ వచ్చినవారితో సోమవారం నుంచి విడిగా కూర్చుంటాను. 23లో వచ్చిన మార్కులను వందకు లెక్కగట్టి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ చెప్పవద్దు. ఎనిమిది ప్రశ్నల నుంచి 33 ప్రశ్నల ఫలితం ఊహించడం న్యాయం కాదు. పత్రాలు మంగళవారం తిరిగి ఇస్తాము. అప్పుడు మార్కులు చెప్పే ముందు, ఎవరి ఏడో ప్రశ్నను వారే ఈ సూచికతో దిద్దుకోవాలి.