తీర చిత్తడి నేల సేవలకు విలువ కట్టడం: పద్ధతులు, పరిమితులు

మడ అడవిలో మూడో వంతు పూడ్చి సరుకుల యార్డు కట్టాలన్న ప్రతిపాదన మీద నిర్ణయానికి ముందు, ఆ నేల ఇప్పుడు చేస్తున్న పనికి విలువ ఎంతో తేల్చమన్నారు. ఒకే అంకె కావాలన్నారు. ఈ అధ్యాయంలో ఆ ఒక్క అంకె లేదు. ఎందుకు ఇవ్వలేదో కింద ఉంది.

చేపలు, పీతల లెక్క కాస్త సులువు. రేవులో పలికిన ధరలోంచి డీజిల్, వలలు, కూలి ఖర్చు తీసేయాలి (చాలా నివేదికలు ఇది మరిచి మొత్తం అమ్మకాన్నే విలువగా రాసేస్తాయి). చిక్కల్లా రొయ్యలతోనే. మడవేళ్ల మధ్య పెరిగిన పిల్ల పెద్దయ్యాక నడిసముద్రంలో వలకు పడుతుంది. ఆ పట్టులో మడ వాటా ఎంతో ధరలు చెప్పవు, జీవశాస్త్ర అంచనా కావాలి.

అసలు పేచీ ఉప్పెన రక్షణ దగ్గర. మడ లేకపోతే కట్టాల్సిన గోడ ఖర్చునే విలువగా తీసుకోవడం ఒక దారి. ఇంజనీరు అంచనా ఉంటే పూటలో తేలిపోతుంది, అందుకే అందరూ దీన్ని ఇష్టపడతారు. కానీ గోడ అదే పని చేయాలి, అంతకన్నా చవక మార్గం ఉండకూడదు, జనం నిజంగా ఆ ఖర్చుకు సిద్ధపడాలి. మడ వెనక ఉన్నవి ఉప్పు మడులే అయితే అంత గోడ ఎవరు కడతారు? రెండో దారి, మడ ఉంటే, లేకుంటే జరిగే నష్టాలను పోల్చడం. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో వెడల్పాటి మడ ఉన్న గ్రామాల్లో మరణాలు తక్కువని అధ్యయనం తేల్చింది. అయితే నేల ఎత్తు, సముద్రానికి దూరం వంటి తేడాలను విడదీయకుండా ఆ ఫలితాన్ని మడకు ఆపాదించలేం. మేం రెండో దారినే ఎంచుకున్నాం. మొదటిదాన్ని గరిష్ఠ హద్దుగా మాత్రమే చూపాం.

‘కాపాడడానికి ఎంత ఇస్తారు?’ అనే సర్వే మార్కెట్ లేని విలువలను కూడా పట్టగలదు. ఎక్సాన్ వాల్డెజ్ చమురు ప్రమాదం తర్వాత, 1993లో అమెరికా నిపుణుల బృందం అవును-కాదు తరహా ప్రశ్న, ముఖాముఖి ఇంటర్వ్యూ మేలంది. మా నమూనా సర్వేలో పీతలు పట్టే ఒకామె, ‘‘పూడ్చేది వాళ్లు, డబ్బు కట్టేది నేనా?’’ అంది. ఫారంలో ఆమె జవాబు సున్నా. దాన్ని ‘విలువ లేదు’ అని చదివితే తప్పే. పేదవాళ్ల జవాబులో జేబు బరువే కనిపిస్తుంది, నేల బరువు కాదు.

సందర్శకుల ప్రయాణ ఖర్చు పద్ధతి వినోదానికే సరిపోతుంది. వేరే తీరం అంకెలను తెచ్చి అతికించడం తొలి వడపోతకు తప్ప పనికిరాదు.

రాబోయే లాభాన్ని నేటి విలువకు తగ్గించే డిస్కౌంట్ రేటు మార్చితే ఫలితమే తారుమారు. 50 ఏళ్ల తర్వాత వచ్చే 100 రూపాయల లాభం 3 శాతం రేటుతో నేటికి దాదాపు 23 రూపాయలు, 8 శాతంతో 2 రూపాయలే. కాబట్టి రెండు రేట్లతోనూ శ్రేణులు ఇచ్చాం. వేర్వేరు పద్ధతుల అంకెలను కూడవద్దు. రొయ్య పిల్లల పెంపకం చేపల పట్టులో ఇప్పటికే చేరింది. పూడ్చిన బురదమేటను వెనక్కి తేలేమన్న విషయం ఏ శ్రేణిలోనూ లేదు, దాన్ని కమిటీ విడిగా చర్చించాలి.